"అపాయింట్‌మెంట్ కావాలి" అని మాత్రమే రాసినవాళ్లకు ఏమని జవాబివ్వాలి?

(క్లినిక్కుల రిసెప్షన్ సిబ్బందికి ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. ఇవాళ నేను ఒకే ఒక్క మెసేజ్ గురించి మాట్లాడతాను. మీ క్లినిక్ ఫోన్ తీసి చూసుకోండి, తప్పకుండా ఉంటుంది. "నమస్తే మేడం, అపాయింట్‌మెంట్ కావాలి." అంతే. ఏ డాక్టరో లేదు, ఏ రోజో లేదు, ఏం బాధో లేదు. ఒక్కోసారి పేరు కూడా ఉండదు. డీపీలో వెంకటేశ్వరస్వామి ఫోటో ఉంటుంది.

దీనికి మనం ఏం రాస్తున్నాం? "ఏ డాక్టర్? ఏ డేట్? ప్రాబ్లం ఏంటి?" చాలామంది ఇదే రాస్తున్నారు. నవ్వుతున్నారంటే మీరూ రాస్తున్నారన్నమాట. ఇందులో తప్పేముంది, కావలసినవే కదా అడిగాం అంటారు. కావలసినవే. కానీ ఆ మూడిట్లో రెండింటికి జవాబు మీ దగ్గరుంది, వాళ్ల దగ్గర లేదు. ఏ డాక్టరని వాళ్లనడిగితే వాళ్లకేం తెలుస్తుంది? తెలిస్తే ముందే రాసేవాళ్లు. ఏ రోజని అడిగితే, మీ ఎముకల డాక్టరు గారు మంగళవారం, శుక్రవారం మాత్రమే వస్తారని వాళ్లకేం తెలుసు? వాళ్లు గురువారం అంటారు, మీరు "గురువారం డాక్టర్ గారు లేరండి" అంటారు. శనివారం అంటారు. "శనివారం కూడా లేరండి." ఇలా ఆరు మెసేజ్‌లు నడుస్తాయి, ఏడోదానికి వాళ్లు వేరే క్లినిక్కుకి వెళ్లిపోతారు.

మూడోది ఏం బాధ అన్నది. ఇది వాళ్లకే తెలుసు. తెలిసీ ఎందుకు రాయలేదు? ఆ ఫోన్ అవతల ఎవరు కూర్చున్నారో తెలియదు కాబట్టి. మగవాళ్లో, ఆడవాళ్లో, కాంపౌండరో, డాక్టరు గారి బావమరిదో! ఆ మాత్రం సంకోచం ఎవరికైనా ఉంటుంది. అదీగాక, డాక్టరుకి చెప్పుకోవాల్సింది రిసెప్షన్‌కి ఎందుకు చెప్పాలి అన్నది వాళ్ల ఉద్దేశం. న్యాయమే కదా?

ఇక ఈ మూడింటికంటే ముందు అడగాల్సింది ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ అడగడం లేదు. ఈ మనిషి అపాయింట్‌మెంట్ కోసం ఆగగలిగిన మనిషేనా? అది తేలకుండా మిగతావన్నీ ఎంత చక్కగా అడిగినా లాభం లేదు.

కాబట్టి వరస ఇలా మార్చుకుందాం. ముందు ప్రమాదం ఉందా లేదా. తర్వాత పేషెంటు ఎవరు. తర్వాత బాధేమిటి. వాళ్లు చెప్పాల్సింది అంతే. ఏ డాక్టరు, ఏ రోజు అన్నవి చివర్న మనమే చెప్పాలి. మొదటి జవాబు నేనైతే ఇలా రాస్తాను, చదువుతాను, రాసుకోండి.

"నమస్తే అండి. తప్పకుండా ఇస్తాం. ముందుగా ఒక మాట. పేషెంటుకి ఇప్పుడు ఛాతీలో నొప్పి, ఊపిరాడకపోవడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి గానీ కాలు గానీ పడిపోవడం, స్పృహ తప్పడం, ఫిట్స్, ఆగకుండా రక్తం పోవడం, వీటిలో ఏదైనా ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. అలాంటివేమీ లేకపోతే, లేవని రాసి ఈ రెండూ చెప్పండి. ఒకటి, అపాయింట్‌మెంట్ ఎవరికి, వయసెంత? రెండు, ఇబ్బంది ఏమిటి, ఎన్నాళ్ల నుంచి? ఒక్క ముక్క చాలు. రాయడం ఇష్టం లేకపోతే 'డాక్టరుకే చెప్తాను' అని రాయండి. దాన్నిబట్టి ఏ డాక్టరో, ఏ టైమో మేం చెప్తాం." కింద మీ పేరు, రిసెప్షన్ అని రాయండి.

పొడుగ్గా ఉంది కదా? ఉంది. రోజూ టైపు చేయక్కర్లేదు. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైస్ అని ఉంటుంది, ఒకసారి రాసి దాచుకుంటే తర్వాత ఒక స్లాష్ కొట్టి పిలుచుకోవచ్చు. రాత్రిపూట క్లినిక్ మూసేశాక దానంతటదే వెళ్లే అవే మెసేజ్‌లో కూడా ఆ 108 వాక్యం తప్పకుండా ఉండాలి. "మా పనివేళలు ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు, ధన్యవాదాలు" అని మాత్రమే పెట్టుకున్నవాళ్లు ఇవాళే మార్చండి. రాత్రి 11 గంటలకి మెసేజ్ పెట్టిన మనిషికి మీ పనివేళలతో పనేముంది?

ఇప్పుడు ఆ జవాబులో ఒక్కో ముక్క ఎందుకు పెట్టామో చూద్దాం.

108 అని రాశాం, "వెంటనే మా దగ్గరకి రండి" అని రాయలేదు. గమనించారా? మీ క్లినిక్‌లో ఈసీజీ ఉండొచ్చు, సీటీ స్కాన్ ఉందా? చాలావాటిలో ఉండదు. మూతి వంకరపోయిన మనిషిని మీ దగ్గరకి రమ్మంటే, వాళ్లు ఆటో మాట్లాడుకుని వచ్చి, మీరు చూసి, "స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి" అని పంపేసరికి గంటన్నర పోతుంది. మెదడులో రక్తనాళం పూడుకున్నప్పుడు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి, అదీ స్కాన్ తీసి రక్తస్రావం కాదని తేల్చుకున్నాకే. పక్షవాతం మొదలైన టైము నుంచి లెక్క, ఆసుపత్రికి చేరిన టైము నుంచి కాదు. ఆ గంటన్నర మన రిసెప్షన్ తినేసిందంటే ఎవరిది బాధ్యత?

"లేవని రాయండి" అన్నది కూడా కావాలనే పెట్టాం. జవాబు రాకపోతే దాన్ని "లేదు" అనుకోకూడదు. మెసేజ్ చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, పదిహేను నిమిషాలైనా జవాబు లేదు. ఏం చేయాలి? ఒక్క ఫోన్ కొట్టాలి. ఎత్తకపోతే అరగంట ఆగి మళ్లీ ఒకసారి. ఆ పైన రిజిస్టర్లో "రెండుసార్లు ఫోన్ చేశాం, ఎత్తలేదు" అని టైముతో సహా రాసి వదిలేయొచ్చు. రోజుకి వంద మెసేజ్‌లు వచ్చేచోట ఇది కుదురుతుందా అని అడుగుతారు. అందరికీ చెయ్యక్కర్లేదు. ప్రమాదం ప్రశ్నకి జవాబివ్వనివాళ్లకి మాత్రమే. చాలామంది "అలాంటివేం లేవండి" అని వెంటనే రాసేస్తారు.

తర్వాత, ఎవరికి అని అడగడం. ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే మెసేజ్ పెట్టినవాళ్లే పేషెంటు అనుకుంటాం. మన దగ్గర అలా ఉండదు. కొడుకు హైదరాబాద్‌లో ఉంటాడు, అమ్మ భీమవరంలో ఉంటుంది, మెసేజ్ కొడుకు పెడతాడు. ఇంకొకరి కూతురు డల్లాస్ నుంచి పెడుతుంది. అక్కడ శుక్రవారం రాత్రి, ఇక్కడ శనివారం పొద్దున. ఆ అమ్మాయి "రేపు" అంటే ఏ రేపు? ఆమెకి శనివారం, మీకు ఆదివారం. ఆదివారం మీకు సెలవు! అందుకే రేపు, ఎల్లుండి, వచ్చే సోమవారం అన్న మాటలు మనం రాసే మెసేజ్‌లో రాకూడదు. వాళ్లు రాసుకోనివ్వండి. మనం రాసేటప్పుడు వారం, తేదీ, పూట, టైము, నాలుగూ రాయాలి. "సోమవారం, జూన్ 16, ఉదయం 10:30." సాయంత్రం 7 అని రాయకుండా ఉత్తి 7 అని రాస్తే పొద్దున్నే 7 గంటలకి వచ్చి షట్టర్ ముందు కూర్చునే పెద్దవాళ్లున్నారు.

వయసు ఎందుకంటే, అదే జ్వరం మూడేళ్ల పిల్లకి వేరు, మూడు వారాల పసిగుడ్డుకి వేరు. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకు మించి గానీ జ్వరం ఉంటే దానికి అపాయింట్‌మెంట్ ఉండదు, అప్పటికప్పుడు పిల్లల డాక్టరు చూడాల్సిందే. "సాయంత్రం స్లాట్ ఉందండి" అని రాయకూడదు. మీ పిల్లల డాక్టరు గారు క్లినిక్‌లో లేకపోతే, పిల్లల విభాగం ఉన్న ఆసుపత్రికి వెంటనే వెళ్లమని చెప్పాలి. గర్భిణీ అయితే ఎన్నో నెల అని అడగాలి. బిడ్డ కదలికలు తగ్గాయన్నా, రక్తం కనపడిందన్నా, ఉమ్మనీరు పోతోందన్నా అదీ అంతే.

ఇక బాధ దగ్గరకి వద్దాం. ఇక్కడ కాసేపు ఆగాలి. మనవాళ్లు బాధని చెప్పే తీరు పుస్తకంలో ఉండదు. "గ్యాస్" అంటారు. గ్యాస్ అంటే ఏంటి? నిజంగా గ్యాసే కావొచ్చు. కానీ గుండెపోటు వచ్చినవాళ్లు కూడా మొదట గ్యాస్ పట్టేసిందనే అంటారు, సోడా తాగుతారు, వాము నములుతారు. కాబట్టి నలభై దాటినవాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు "గ్యాస్" అన్నా, "గుండెల్లో మంట" అన్నా ఇంకో ప్రశ్న అడగాలి. చెమటలు పడుతున్నాయా? నొప్పి చేతికి గానీ, దవడకి గానీ, వీపుకి గానీ పాకుతోందా? నడిస్తే ఎక్కువవుతోందా? ఒక్కటి అవునన్నా ఇక మెసేజ్‌లు ఆపి ఫోన్ చేసి, పక్కనున్న నర్సుకో డ్యూటీ డాక్టరుకో ఇవ్వాలి. వాళ్లు అందుబాటులో లేకపోతే 108. మరి అన్నీ లేవంటే? అప్పుడు కూడా "అయితే గ్యాసే లెండి" అనకూడదు. షుగరు ఉన్నవాళ్లలో ఛాతీ నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంతో, నీరసంతో కూడా గుండెపోటు వస్తుంది. మన పని రోగం కాదని చెప్పడం కాదు. ఆ మాట డాక్టరే చెప్పాలి. అదే రోజు చూపించుకునేలా స్లాట్ ఇవ్వడం మన పని.

ఎడమ చెయ్యి లాగుతోందని ఎముకల డాక్టరుకి అడుగుతారు. ఇదీ అలాంటిదే. పడ్డారా, దెబ్బ తగిలిందా అని అడగండి. దెబ్బేమీ లేకుండా ఉన్నట్టుండి మొదలైందంటే ఎముకల డాక్టరు కాదు, ముందు ఫిజీషియన్, అదీ అప్పటికప్పుడు.

"నరాల వీక్‌నెస్" అంటారు. ఇది మూడు రకాలు. అరికాళ్లు తిమ్మిర్లు కావొచ్చు, నడవలేకపోవడం కావొచ్చు. మగవాళ్లు రాస్తే మీరు అడగకూడని సంగతి కూడా కావొచ్చు. అక్కడ తరచి అడగొద్దు. "తిమ్మిర్లు గానీ నడకలో ఇబ్బంది గానీ ఉందా, లేక డాక్టరుకే చెప్తారా?" అని రాస్తే చాలు, వాళ్లకి దారి దొరుకుతుంది. ఫిజీషియన్‌కి ఇవ్వండి. ఆడవాళ్లు "లేడీ డాక్టర్ కావాలి" అని మాత్రం రాస్తే అది కూడా జవాబే. గైనిక్ సమస్యా, లేక ఏ సమస్యకైనా ఆడ డాక్టరే కావాలా అన్నది ఒక్కటి అడగండి. ఎందుకంటే చర్మం మీద మచ్చకి లేడీ డాక్టర్ కావాలన్న ఆవిడకి మీరు గైనిక్ ఇచ్చేస్తే, ఆవిడ రెండు గంటలు కూర్చుని, ఫీజు కట్టి, లోపలికి వెళ్లాక "ఇది నాది కాదమ్మా" అని మేడం గారు పంపేస్తారు. ఆ ఫీజు తిరిగిచ్చే గొడవ మళ్లీ మీ కౌంటర్ దగ్గరే.

మరి ఏ డాక్టరో మీకే తేలకపోతే? తేలదు, చాలాసార్లు తేలదు. నడుము నొప్పికి ఎముకల డాక్టరా, కిడ్నీలో రాయా? కళ్లు తిరగడానికి చెవి డాక్టరా, బీపీయా? మీరు తేల్చక్కర్లేదు. తేలనివన్నీ ముందు ఫిజీషియన్‌కి. ఆయనే చూసి పంపుతారు. నేను చెప్పేదల్లా ఒకటే, మీ డాక్టర్ల చేత ఒక కార్డు రాయించుకోండి. ఏ బాధకి ఏ డాక్టరు, దేనికి ఆగకూడదు అని. ఒక పేజీ చాలు, డాక్టరు సంతకం, తేదీ ఉండాలి. ఆ కార్డు మీ కీబోర్డు పక్కన ఉండాలి. ఆ కార్డులో ఉన్న ప్రశ్నలు అడగడం మీ పని, లేనివి అడగడం మీ పని కాదు. "ఈలోగా ఏ మాత్ర వేసుకోమంటారు మేడం?" అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. పారాసెటమాలే కదా అని చెప్పేయకండి. "మందులు డాక్టర్ గారే చెప్పాలండి, నర్సుతో మాట్లాడిస్తాను" అనండి.

ఇప్పుడు ఒక కేసు మొదట్నుంచి చివరిదాకా నడిపిద్దాం. నలుగురు డాక్టర్లున్న పాలీక్లినిక్ అనుకోండి. ఫిజీషియన్ గారు సోమవారం నుంచి శనివారం దాకా ఉదయం 10 నుంచి 1, సాయంత్రం 6 నుంచి 8:30 చూస్తారు. ఆదివారం సెలవు. శనివారం, జూన్ 14, ఉదయం 7:40కి మెసేజ్ వచ్చింది. "అపాయింట్‌మెంట్ కావాలి." మన మొదటి జవాబు వెళ్లింది. అటు నుంచి వచ్చింది చూడండి. "అలాంటివేం లేవు. అమ్మకి. 62. కాళ్లు వాచాయి."

బాగానే చెప్పారు. మీ వేళ్లు ఇప్పటికే "ఫిజీషియన్, 10:30" అని కొట్టడానికి వెళ్తున్నాయి. ఆగండి. కార్డులో కాళ్ల వాపు దగ్గర మీ డాక్టరు గారు మూడు ప్రశ్నలు రాయించి ఉంటారు, లేకపోతే రాయించుకోండి. ఒక కాలా, రెండు కాళ్లా? ఎన్నాళ్ల నుంచి? పడుకుంటే ఆయాసం వస్తోందా? ఎందుకివి? ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క నొప్పిగా ఉంటే రక్తనాళంలో గడ్డ కట్టి ఉండొచ్చు, అది ఆ రోజే చూడాలి. రెండు కాళ్లూ వాచి, పడుకుంటే ఊపిరి ఆడక లేచి కూర్చుంటున్నారంటే అదీ ఆగేది కాదు. "ఆయాసం ఉందా" అని ముందే అడిగాం కదా అంటారు. అడిగాం. కానీ కూర్చున్నప్పుడు బాగానే ఉండే మనిషి పడుకున్నప్పుడు ఆయాసపడొచ్చు. మెసేజ్ రాసిన కొడుకు హైదరాబాద్‌లో ఉన్నాడు, అమ్మ రాత్రి ఎలా పడుకుంటోందో అతనికి తెలియదు. అందుకే అక్కడ "అమ్మగారి దగ్గర ఇప్పుడు ఎవరున్నారు? వాళ్ల నంబరు ఇస్తారా?" అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్నతో సగం గొడవలు తగ్గుతాయి.

జవాబు వచ్చింది. దగ్గర కోడలు ఉంది, నంబరు ఇచ్చారు. మీరు ఫోన్ చేశారు. రెండు కాళ్లూ, పది రోజులుగా, సాయంత్రానికి ఎక్కువవుతోంది, పడుకుంటే ఆయాసం లేదు, బీపీకి మందు వాడుతోంది, ఈ మధ్యే మందు మార్చారు. బాగుంది. మందు మార్చారన్నది రిజిస్టర్లో రాయండి, డాక్టరు గారికి చాలా పనికొస్తుంది. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ లాంటి కొన్ని మాత్రలతో పాదాలు వాస్తాయి. అయ్యో, ఇది కోడలికి చెప్పకండి! చెప్తే ఆవిడ ఆ పూట నుంచే అత్తగారి మాత్ర ఆపేస్తుంది, బీపీ పైకి పోతుంది. మీరు చెప్పాల్సింది ఇంతే. "వాడుతున్న మందులు మానొద్దండి. మాత్రల అట్టలన్నీ, అయిపోయిన అట్టలు కూడా, సంచిలో వేసుకుని తీసుకురండి." చీటీ కంటే అట్ట మేలు. చీటీలో రాసింది ఒకటి, షాపులో ఇచ్చింది ఒకటి, ఇంట్లో వేసుకుంటున్నది ఇంకొకటి ఉంటుంది.

ఇప్పుడు టైము. "ఎప్పుడొస్తారు?" అని అడగొద్దు. రెండు టైములు మనమే చెప్పాలి. "ఫిజీషియన్ గారికి ఇవాళ, శనివారం జూన్ 14, సాయంత్రం 6:20 ఉంది. కుదరకపోతే సోమవారం, జూన్ 16, ఉదయం 10:30 ఉంది. ఏది రాయమంటారు? మధ్యాహ్నం 1 దాకా రెండూ మీకోసం ఆపి ఉంచుతాం." రెండే ఎందుకు? నాలుగు చెప్తే ఇంట్లో అందర్నీ అడిగి చెప్తామంటారు. ఒకటే చెప్తే అది అమావాస్య అవుతుంది, లేదా ఆ టైముకి రాహుకాలం అవుతుంది. నవ్వకండి, సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిదింటి దాకా, పదిన్నరకి ఇబ్బంది లేదు కాబట్టి బతికిపోయాం. వాళ్ల నమ్మకం మీద మీకు వాదన అక్కర్లేదు. రెండో టైము చేతిలో ఉంటే చాలు. ఒంటిగంట దాకా ఆపుతాం అని చెప్పడం ఎందుకంటే, చెప్పకపోతే ఆ స్లాట్ మీరు వేరేవాళ్లకిచ్చాక సాయంత్రం నాలుగింటికి "సరే, 6:20 ఓకే" అని వస్తుంది.

కోడలు సాయంత్రం 6:20 అంది. ఇప్పుడు చివరి మెసేజ్. ఇది ఇద్దరికీ పంపాలి, కోడలికీ, మొదట రాసిన కొడుక్కీ. "కె. లక్ష్మి గారు, 62 ఏళ్లు. ఫిజీషియన్ గారు. శనివారం, జూన్ 14, సాయంత్రం 6:20. పావుగంట ముందు వస్తే బీపీ, బరువు చూస్తాం. ఎమర్జెన్సీ వస్తే అరగంట అటూ ఇటూ కావొచ్చు. మందుల అట్టలు, పాత రిపోర్టులు తీసుకురండి. ఈలోగా ఆయాసం గానీ, ఒక కాలే ఎక్కువ వాచి నొప్పి గానీ వస్తే సాయంత్రం దాకా ఆగకుండా ఫోన్ చేయండి. రాలేకపోతే ఇక్కడే 'రాలేం' అని రాయండి." ఫీజు ఎంత, మళ్లీ ఎన్ని రోజుల్లోపు వస్తే ఫీజు ఉండదు అన్నది మీ క్లినిక్ పద్ధతిని బట్టి కింద ఒక లైను.

చూశారా, కాళ్ల వాపు అని ఈ మెసేజ్‌లో పైన రాయలేదు. ఫోన్ తాళం వేసి ఉన్నా మొదటి రెండు లైన్లు పైన కనపడతాయి. ఈ కేసులో పరవాలేదు. గైనిక్, చర్మం, మానసిక సమస్యలకి పరవా ఉంది. అక్కడ డాక్టరు విభాగం కూడా పై లైన్లలో రాయకండి. ఆ ఫోన్ ఇంట్లో ఎవరి చేతిలో ఉందో మనకి తెలియదు. అలాగే మెసేజ్ పెట్టినవాడు కొడుకైనా, అమ్మగారి రిపోర్టులు అతనికి పంపమంటే ఆవిడని ఒక మాట అడిగి పంపండి. పెద్దావిడ వద్దనదు, అయినా అడగాలి.

పేరు దగ్గర కె. లక్ష్మి అని ఇంటిపేరు అక్షరంతో, వయసుతో రాశాం. ఒక్క పూటలో ముగ్గురు లక్ష్ములు వస్తారు. ఫోన్ నంబరుతో వెతుకుదామంటే ఆ నంబరు మీద అత్త, కోడలు, ఇద్దరు పిల్లలు, నలుగురి ఫైళ్లుంటాయి. అత్తగారి షుగర్ రిపోర్టు కోడలి ఫైల్లోకి వెళ్లడం అలాగే జరుగుతుంది. ఇంటిపేరు, పేరు, వయసు, నంబరు, ఈ నాలుగూ కలిస్తేనే పాత ఫైలు తీయండి. ఆభా నంబరు ఉంటే మరీ మంచిది, పద్నాలుగు అంకెలు, మనిషికొకటే ఉంటుంది. లేదంటే అపాయింట్‌మెంట్ ఆపొద్దు.

ఇంకో చిన్న సంగతి, భాష. వాళ్లు ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు టైపు చేస్తే మీరూ అలాగే రాయండి. తెలుగు లిపిలో రాస్తే తెలుగులో రాయండి. వాయిస్ మెసేజ్ పెట్టినవాళ్లకి చదవడం రాకపోవచ్చు, వాళ్లకి ఈ పొడుగు జవాబు పంపితే ఉపయోగం లేదు. ఫోన్ చేసి అడగండి, చెప్పింది రిజిస్టర్లో రాసుకోండి.

ఇక్కడ ఈ వరసలో అమ్మాయి ఒక ప్రశ్న అడుగుతోంది. అందరికీ వినపడేలా నేనే చెప్తాను. "బాధేమిటని అడిగితే ఏమీ లేదు, ఊరికే చెకప్ అంటారు, అప్పుడేం చేయాలి?" మంచి ప్రశ్న. ఊరికే చెకప్ అన్నవాళ్లలో కొందరికి నిజంగా ఏమీ ఉండదు, కొందరు చెప్పడానికి ఇష్టపడక అలా అంటారు. మీరు వాళ్లని విడదీయలేరు, విడదీయక్కర్లేదు. ఫిజీషియన్‌కి ఉదయం స్లాట్ ఇవ్వండి. అయితే "పరగడుపున రండి" అనేముందు ఒకటి అడగండి. షుగరుకి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతున్నారా? పరగడుపు రక్త పరీక్షకి కనీసం ఎనిమిది గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. రాత్రి తొమ్మిదింటికి తిన్న మనిషికి మీరు పదకొండున్నర స్లాట్ ఇచ్చి పరగడుపున రమ్మంటే పద్నాలుగున్నర గంటలు ఖాళీ కడుపు. ఆపైన పొద్దున్నే అలవాటుగా షుగరు మాత్ర వేసుకుని వస్తే మీ వెయిటింగ్ హాల్లోనే చెమటలు పట్టి కూలబడతారు. కాబట్టి షుగరు ఉన్నవాళ్లకి ల్యాబు తెరిచే టైముకే, ఏడింటికో ఎనిమిదింటికో రక్తం ఇచ్చేలా రాయండి. పొద్దుటి మందు వేసుకోవాలా వద్దా అన్నది ముందు రోజే డాక్టరు గారిని అడిగి చెప్పండి. రక్తం ఇచ్చాక టిఫిను తినేసి రండి, డాక్టరు గారిని పది దాటాక చూడొచ్చు అని రాయండి. తిన్నాక రెండు గంటలకి ఇంకో రక్తం కావాలంటే, తినడం మొదలుపెట్టిన టైము రాసుకోమని చెప్పండి. ఎనిమిదింపావుకి ఇడ్లీ మొదలుపెడితే పదింపావుకి రక్తం. ఈ లెక్క మీరు వేసి మెసేజ్‌లో పెట్టండి, వాళ్లని వేసుకోమనకండి.

ఇంకా ప్రశ్నలుంటే టీ దగ్గర మాట్లాడుకుందాం. ఆ మొదటి జవాబు కాగితం మీద ఉంది, వెళ్లేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. అందులో ప్రమాద లక్షణాల లైను మాత్రం మీ డాక్టరుకి చూపించి, సంతకం పెట్టించుకున్నాకే వాడండి.